పరుగు మధ్యలో డొక్కలో పోటు

పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి సాధన చేసే కుర్రాళ్లతో తెల్లవారుజామున ఏ ఊళ్లో కాలేజీ గ్రౌండైనా కళకళలాడుతుంది. 1600 మీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి రౌండ్ హుషారుగా పోతుంది. రెండోది బాగానే సాగుతుంది. మూడో రౌండ్‌లో ఎవరో ఒకరు కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని వంగిపోతారు. పక్కటెముకల కింద కత్తితో పొడిచినట్టు పోటు. ఊపిరి నిండుగా తీసుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. గట్టు మీద నిలబడ్డవాళ్లు ‘వాడికి దమ్ము లేదు’ అనేస్తారు. ఆ కుర్రాడూ అదే నమ్మి, మర్నాటి నుంచి ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ కొడతాడు. పోటు మాత్రం మళ్లీ వస్తుంది.

పోటుకీ దమ్ముకీ ఉన్న సంబంధం మనం అనుకునేంత పెద్దది కాదు. పరుగుకు ముందు రెండు గంటల్లో పొట్టలోకి ఏం వెళ్లింది, ఎంత వెళ్లింది అన్నదానితో దానికి ఎక్కువ సంబంధం ఉంది. పాతికేళ్లుగా ఈ ఒక్క నొప్పి మీద జరిగిన పరిశోధనలో సామాన్యుడికి పనికొచ్చే విషయం ప్రధానంగా ఇదే.

ఆ పరిశోధనలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాలో జరిగింది. డారెన్ మోర్టన్, రాబిన్ కాలిస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో 965 మంది క్రీడాకారులను ప్రశ్నించారు. గడచిన ఏడాదిలో ఇలాంటి పోటు వచ్చిందా అని అడిగితే పరుగు తీసేవాళ్లలో 69 శాతం మంది వచ్చిందన్నారు. ఆశ్చర్యం ఏమిటంటే ఈతగాళ్లలో అది 75 శాతం. గుర్రపు స్వారీ చేసేవాళ్లలో 62 శాతం. సైకిల్ తొక్కేవాళ్లలో మాత్రం 32 శాతమే. ఈ నాలుగు అంకెలు గుర్తుంచుకుంటే చాలు, నొప్పికి కారణం గురించి వాడుకలో ఉన్న చాలా నమ్మకాలను పరీక్షించవచ్చు.

నొప్పి నిజమా, భ్రమా అన్న అనుమానం అక్కర్లేదు. సిడ్నీ నగరంలో హైడ్ పార్క్ నుంచి బాండై బీచ్ దాకా ఏటా జరిగే 14 కిలోమీటర్ల ‘సిటీ టు సర్ఫ్’ పరుగులో అదే బృందం 848 మందిని విచారించింది. వాళ్లలో 27 శాతం మందికి ఆ ఒక్క పూటే పోటు వచ్చింది. పరుగెత్తినవాళ్లలో 30 శాతం, నడిచినవాళ్లలో 16 శాతం. వచ్చినవాళ్లలో 42 శాతం మంది దానివల్ల తమ వేగం దెబ్బతిందని చెప్పారు. ఎడమ డొక్కలో కంటే కుడి డొక్కలో రెండింతల మందికి వచ్చింది. ఆడా మగా తేడా కనిపించలేదు, లావూ సన్నం తేడా కూడా కనిపించలేదు. వయసు పెరిగే కొద్దీ పోటు తగ్గుతూ వచ్చింది. చిన్న వయసు వాళ్లకే బెడద ఎక్కువ. బడి పిల్లలు ఆటల పీరియడ్‌లో డొక్క పట్టుకుని కూర్చుంటే అది పని ఎగ్గొట్టే వేషం అనుకోవడం అన్యాయం.

మరి ఆ పోటు ఎక్కడి నుంచి వస్తుంది?

రోమన్ రచయిత ప్లినీ రెండు వేల ఏళ్ల కిందటే దీనికి ప్లీహం కారణమని రాశాడు. ఆ అవయవం పరుగుకు అడ్డమని ఆ కాలంలో నమ్మేవారు. ప్లీహం ఉండేది ఎడమ వైపు, నొప్పి ఎక్కువగా వచ్చేది కుడి వైపు కాబట్టి ఆ వాదన నిలవదు. ఆధునిక కాలంలో ఎక్కువగా వినిపించిన వాదన విభాజక పటలం గురించి. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని, మనం ఊపిరి తీసుకోవడానికి పనిచేసే కండరం అది. పరుగులో రక్తమంతా కాళ్లకు పోయి ఈ కండరానికి రక్తం చాలక తిమ్మిరెక్కినట్టు పట్టేస్తుందని వివరించేవారు. ‘దమ్ము లేదు’ అన్న మాట వెనక ఉన్నది ఈ ఊహే.

ఇప్పుడు ఆ అంకెల దగ్గరికి వెళ్దాం. గుర్రం మీద కూర్చున్నవాడికి ఆయాసం పెద్దగా ఉండదు. అయినా 62 శాతం మందికి పోటు వచ్చింది. సైకిల్ తొక్కేవాడికి ఆయాసం విపరీతం, పోటు మాత్రం తక్కువ. ఊపిరి కండరమే కారణమైతే లెక్క తలకిందులుగా ఉండాలి. మోర్టన్ బృందం పోటు ఉన్న సమయంలో ఊపిరితిత్తుల పనితీరును యంత్రంతో కొలిచి చూసింది. విభాజక పటలం బలహీనపడిన జాడ కనిపించలేదు.

రెండో వాదన స్నాయువులది. కాలేయం దాదాపు కిలోన్నర బరువుంటుంది. అదీ, జీర్ణాశయం, ప్లీహం మెత్తని పట్టీల వంటి స్నాయువులతో విభాజక పటలానికి వేలాడుతుంటాయి. పరుగులో ప్రతి అడుగుకీ అవి కిందికీ పైకీ ఊగుతాయి, ఆ లాగుడుకు నొప్పి పుడుతుంది అని ఈ వాదన. గుర్రపు స్వారీకి ఇది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ కుదుపే ఎక్కువ. తిన్న వెంటనే పోటు రావడానికీ సరిపోతుంది, నిండిన పొట్ట బరువు కాబట్టి. సైకిల్ మీద కుదుపు తక్కువ కాబట్టి అదీ కలుస్తుంది. కానీ ఈతగాడి దగ్గరికొచ్చేసరికి వాదన ఆగిపోతుంది. నీళ్లలో తేలుతూ పోయేవాడికి కుదుపు ఎక్కడిది? అందరికంటే ఎక్కువగా పోటు వచ్చేది అతనికేనాయె. పైగా నొప్పి ఫలానా చోట అని వేలితో చూపించగలిగేంత కచ్చితంగా ఉంటుంది. లోపలి అవయవాలు లాగినప్పుడు వచ్చే నొప్పి సాధారణంగా అలా ఉండదు. పొట్టంతా ఎక్కడో తెలియకుండా మందంగా ఉంటుంది.

ఇక్కడి నుంచే మూడో వివరణ పుట్టింది. ప్రస్తుతం ఎక్కువ ఆధారాలున్నది దీనికే. పొట్ట లోపలి గోడకు ఒక పల్చని పొర అంటుకుని ఉంటుంది. దాన్ని ఉదరవేష్టనం అంటారు. అవయవాల మీద ఇంకో పొర. ఈ రెండింటి మధ్య కొద్దిపాటి ద్రవం ఉంటుంది. లోపల కాస్త నీళ్లు చల్లి ఒకదానికొకటి అతికించిన రెండు పాలిథిన్ కాగితాల్లా ఇవి జారుతూ కదులుతాయి. పొట్ట నిండా తిన్నా తాగినా జీర్ణాశయం ఉబ్బి లోపలి పొరను బయటి పొర మీదికి నొక్కుతుంది. మధ్యలోని ద్రవం మందం మారినా రాపిడి పెరుగుతుంది. ఆ స్థితిలో మొండెం పదేపదే కదిలితే గోడ పొర ఒరుసుకుంటుంది.

గోడ పొరకు వచ్చే నరాలు చర్మానికీ కండరాలకూ వచ్చే నరాల కుటుంబానివే. అందుకే ఆ నొప్పి పదునుగా, ఒకేచోట తెలుస్తుంది. ఇంకో విశేషం ఉంది. కొంతమందికి డొక్కలో పోటుతో పాటు భుజం కొసన కూడా నొప్పి వస్తుంది. సంబంధం లేనట్టు కనిపించే ఈ రెంటికీ లంకె ఉంది. విభాజక పటలం అడుగున పరుచుకున్న పొర భాగానికి స్పర్శ ఇచ్చే నరం మెడ దగ్గర బయలుదేరుతుంది. భుజం చర్మానికి వెళ్లే నరాలూ అక్కడి నుంచే వస్తాయి. మెదడు ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడుతుంది. ఈతలో కుదుపు లేకపోయినా నడుము పైభాగం ఎడతెగకుండా మెలితిరుగుతుంది. గుర్రం మీదా అంతే. సైకిల్ మీద మొండెం దాదాపు కదలదు. నాలుగు అంకెలూ ఈ వివరణలో ఒదిగిపోతాయి. ఇది తుది తీర్పు కాదు. పరుగెత్తుతున్న మనిషి పొట్టలో ఈ పొరల రాపిడిని నేరుగా చూసే వీలు లేదు కాబట్టి శాస్త్రజ్ఞులు దీన్ని ‘ఎక్కువగా నమ్మదగిన కారణం’ అనే అంటున్నారు.

కారణం ఎలా ఉన్నా, ఏది రెచ్చగొడుతుందో ప్రయోగాలు బాగానే చెప్పాయి. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పోటు తరచుగా వచ్చే 40 మందిని ట్రెడ్‌మిల్ మీద నాలుగు విడతలు పరుగెత్తించారు. ఒకసారి ఏమీ తాగకుండా, ఒకసారి రుచి కలిపిన నీళ్లతో, ఒకసారి ఆరు శాతం చక్కెర ఉన్న క్రీడా పానీయంతో, ఒకసారి పది శాతం పైన చక్కెర ఉన్న పండ్ల రసంతో. పండ్ల రసం తాగిన విడతలో పోటు మిగతా అన్నిటికంటే ఎక్కువగా, తీవ్రంగా వచ్చింది. రక్తం కంటే చిక్కనైన తీపి ద్రవం పొట్టలో నుంచి నెమ్మదిగా కదులుతుంది. అంతసేపూ పొట్ట నిండుగానే ఉంటుంది.

సిడ్నీ పరుగులో ఇంకో సంగతి తేలింది. పరుగుకు ఒకటి రెండు గంటల ముందు తమ ఒంటి బరువుతో పోలిస్తే ఎక్కువ మొత్తంలో తిన్నవాళ్లకు పోటు ఎక్కువగా వచ్చింది. కొవ్వు ఎక్కువున్న తిండా, పిండి పదార్థమా అన్నదానితో తేడా పడలేదు. ఘన ఆహారంలో పరిమాణం, ద్రవాల్లో తీపి చిక్కదనం. చూసుకోవలసినవి ఈ రెండూ.

ఇప్పుడు మన గ్రౌండ్‌లోని కుర్రాడి లెక్క చూద్దాం. అతను 60 కిలోలు ఉంటాడనుకుందాం. ఆరింటికి పరుగు. అయిదుంబావుకు రెండు అరటిపళ్లు తిన్నాడు, పావు లీటరు పాలు తాగాడు. ‘పవర్’ కోసం అర లీటరు నీళ్లలో గ్లూకోజు పొడి పోసుకుని గ్రౌండ్‌కి తెచ్చుకుని, వార్మప్ అయ్యాక అంతా తాగేశాడు. మొత్తం కలిపితే దాదాపు ఒక కిలో. అందులో సగం పరుగుకు పది నిమిషాల ముందే లోపలికి వెళ్లింది. గ్లూకోజు ఎంత కలిపాడు? పెద్ద చెంచాతో నిండుగా అయిదారు చెంచాలు వేస్తే 70, 80 గ్రాములు సులభంగా అవుతుంది. అంటే 15 శాతం తీపి. ప్రయోగంలో పోటు తెప్పించిన పండ్ల రసం కంటే చిక్కన. చెరకు రసం తాగినా ఇంచుమించు ఇదే సంగతి. ఆ కుర్రాడికి మూడో రౌండ్‌లో డొక్క పట్టేయకపోతేనే వింత.

అసలు ఆ గ్లూకోజు అతనికి అవసరమా? మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తడానికి కిలో బరువుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 1600 మీటర్లు పరుగెత్తితే నూటికి కాస్త అటూ ఇటూ కేలరీలు. రాత్రి తిన్న అన్నం కండరాల్లో, కాలేయంలో నిల్వ చేసిపెట్టిన శక్తి దీనికి ఎన్నో రెట్లు. ఏడెనిమిది నిమిషాల పరుగుకు పది నిమిషాల ముందు తాగిన గ్లూకోజు చేసే మేలు లేదు, పొట్టలో కూర్చోవడం తప్ప.

కాబట్టి అతను మార్చుకోవలసింది ఇంతే. రాత్రి మామూలుగా భోజనం చెయ్యాలి, నీళ్లు బాగా తాగాలి. పొద్దున లేవగానే ఒక చిన్న గ్లాసు నీళ్లు, 150, 200 మిల్లీలీటర్లు. ఆకలిగా ఉంటే అర అరటిపండు. పాలు పరుగు అయ్యాక. పరుగుకు ముందు అరగంటలో నోరు తడుపుకునే గుక్క తప్ప ఏమీ వద్దు. ఇలా పది రోజులు చేసి చూస్తే పోటు తన తిండి వల్ల వస్తోందో లేదో అతనికే తెలుస్తుంది. ఏ రోజు ఏం తిన్నాడు, ఎన్ని గంటలకు, పోటు వచ్చిందా రాలేదా అన్నది ఫోన్‌లో రాసుకుంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు ఈవెంట్స్ రోజున ఒక చిక్కుంది. పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడితే ఎత్తు, ఛాతీ కొలతలు, సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక తన బ్యాచ్‌ని ఎప్పుడు పిలుస్తారో తెలియదు. తొమ్మిది కావచ్చు, పదకొండు కావచ్చు. ఖాళీ కడుపుతో ఎండలో అన్ని గంటలు నిలబడటం తప్పు. ఆకలి భయంతో బయట బండి దగ్గర ప్లేటు పూరీ తినేయడం ఇంకా పెద్ద తప్పు. అయిదింటికి రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని వెళ్లడం, ఆ తర్వాత అరగంటకోసారి నాలుగు గుక్కల నీళ్లు తాగుతూ ఉండటం మంచిది. ఎండ ఎక్కువగా ఉండి చెమట పడుతుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినట్టుగా పూర్తి లీటరు నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అందులో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. తీపి చాలా పల్చన. అదే ప్యాకెట్‌ను ఒక గ్లాసులో పోసి చిక్కగా తాగితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. 2025 దాకా ఓఆర్‌ఎస్ అన్న పేరుతో అమ్ముతూ వచ్చిన తియ్యటి టెట్రా ప్యాక్‌ల వంటివి వేరే సంగతి. వాటి మీద చక్కెర ఎంతుందో చదవాలి.

పది, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు నీళ్లు మానేయమని చెప్పడం ప్రమాదం. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఉక్కలో, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాల మీద గంటల తరబడి పరుగు. నీళ్లు తాగి తీరాలి. తాగే తీరులోనే కిటుకు ఉంది. దాహం ముదిరాక ఒకేసారి సీసా ఎత్తి పోసుకోకుండా పదిహేను, ఇరవై నిమిషాలకోసారి అర గ్లాసు తాగితే పొట్ట ఉబ్బదు. ఎనర్జీ జెల్ తీసుకునేవాళ్లు దాన్ని క్రీడా పానీయంతో కాక మామూలు నీళ్లతో మింగాలి. లేకపోతే రెండు తీపులూ కలిసి చిక్కనవుతాయి.

తిండి తర్వాత గమనించవలసింది వెన్ను. వీపు పైభాగం గూనిగా ముందుకు వంగి ఉండేవాళ్లకు పోటు ఎక్కువగా, తీవ్రంగా వస్తుందని మోర్టన్, కాలిస్టర్ 2010లో చూపించారు. పొట్ట గోడ పొరకు వెళ్లే నరాలు వెన్నులోని ఆ మధ్య భాగం నుంచే వస్తాయి. పోటు వచ్చే కొంతమందికి ఆ వెన్నుపూసలను వేలితో నొక్కితే అచ్చం అదే నొప్పి డొక్కలో తెలియడాన్ని కూడా పరిశోధకులు గమనించారు. పొట్ట లోపలి కండరాలు గట్టిగా ఉన్నవాళ్లకు పోటు తక్కువని 2014లో ఇంకో బృందం తేల్చింది. రోజంతా పుస్తకం మీదో ఫోన్ మీదో వంగి కూర్చుని, పొద్దున లేచి నేరుగా పరుగందుకునే కుర్రాళ్లకు ఇది పట్టించుకోవలసిన సంగతి. వారంలో మూడు నాలుగు సార్లు ప్లాంక్, వెన్ను వెనక్కి వాల్చే భుజంగాసనం వంటివి చేయడానికి పది నిమిషాలు చాలు. ఫలితం కనిపించడానికి మాత్రం వారాలు పడుతుంది.

పోటు వచ్చేసింది, ఇంకా ఒకటిన్నర రౌండ్ మిగిలి ఉంది. అప్పుడేం చెయ్యాలి? ఆగిపోతే నిమిషాల్లో తగ్గుతుంది, పరీక్షలో ఆ వీలు లేదు. న్యూజీలాండ్‌కు చెందిన ప్లంకెట్, హాప్‌కిన్స్ 1999లో నీళ్లు తాగించి పోటు తెప్పించి మరీ ఉపశమన మార్గాలు పరీక్షించారు. మూడు పనిచేశాయి. పొట్ట బిగించి ముందుకు వంగడం. నడుముకు వెడల్పాటి బెల్టు బిగించడం. ఊపిరి నిండుగా పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదవులు దగ్గరికి చేర్చి నెమ్మదిగా వదలడం. పరుగులో వీటిని ఇలా వాడుకోవచ్చు: వేగం కొద్దిగా తగ్గించి, నొప్పి ఉన్నచోట నాలుగు వేళ్లతో లోపలికి నొక్కి పట్టి, పొట్ట బిగించి, పెదవుల సందు నుంచి ఊపిరి పొడుగ్గా వదులుతూ ఇరవై ముప్పై అడుగులు వెయ్యాలి. చిన్న చిన్న ఊపిర్లు తీయడం నొప్పిని తప్పించుకునే ప్రయత్నంలా అనిపిస్తుంది కానీ దానివల్ల మేలు జరగదు. కుడి డొక్కలో పోటు ఉంటే ఎడమ కాలు నేల తాకినప్పుడు ఊపిరి వదలమని చాలామంది కోచ్‌లు చెబుతారు. కొందరికి హాయి ఇస్తుంది, కానీ దాన్ని బలపరిచే గట్టి ప్రయోగాలు లేవు. ప్రయత్నించడంలో నష్టం లేదు.

తీవ్రమైన పోటు వచ్చిన మర్నాడు ఆ చోట కాస్త సలుపు ఉండొచ్చు. దానికి మందు అక్కర్లేదు. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు దిగడం మాత్రం వద్దు. అది పోటును ఆపదు, ఖాళీ కడుపులో మంటను మిగులుస్తుంది.

డొక్కలో వచ్చే ప్రతి నొప్పీ ఇది కాదు. అసలైన పోటు పరుగు ఆపిన కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, కూర్చుని ఉన్నప్పుడు రాదు. ఆగినా తగ్గకపోయినా, నిద్రలో లేపినా, జ్వరం, వాంతులు తోడైనా, పొట్ట కుడి వైపు కింది భాగంలో నొప్పి ముదురుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నలభై దాటినవాళ్లకు, షుగరో బీపీయో ఉన్నవాళ్లకు నడకలో, పరుగులో ఛాతీ మధ్యనో పొట్ట పైభాగంలోనో బరువుగా పట్టేసినట్టు ఉండి, ఎడమ భుజానికో దవడకో పాకి, చల్లని చెమటలు పోస్తే అది డొక్క పోటు కాదు, గుండెది కావచ్చు. అక్కడికక్కడే పరుగు ఆపి, 108కి ఫోన్ చెయ్యండి.